వైశాల్యం ఎటు జారిపోయింది?

f₁, f₂, f₃ అంటూ సాగే ప్రమేయాల అనుక్రమం ఒకటి ఉందనుకుంటే, ప్రతి x దగ్గరా వాటి విలువలు క్రమంగా f(x) అనే విలువకు చేరువవుతాయనుకుంటే, వాటి కింది వైశాల్యాలు కూడా f కింది వైశాల్యానికే చేరాలి కదా అనిపిస్తుంది. అంటే ముందు అవధి తీసుకుని తర్వాత సమాకలనం చేసినా, ముందు సమాకలనం చేసి తర్వాత అవధి తీసుకున్నా జవాబు ఒకటే రావాలి. లెక్కల్లో చాలామంది ఈ రెండింటినీ తెలియకుండానే తారుమారు చేసేస్తుంటారు. చాలాసార్లు ఏమీ కాదు. ఒక్కోసారి మాత్రం జవాబు పూర్తిగా తప్పుతుంది.

తప్పే సందర్భానికి చాలా చిన్న ఉదాహరణ చాలు. 0కూ 1/nకూ మధ్య fₙ విలువ n అనుకోవాలి. మిగతా చోట్లంతా 0. గీసి చూస్తే అది n ఎత్తు, 1/n వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. n పెరిగేకొద్దీ అది సన్నబడుతూ పొడవవుతుంది కానీ, వైశాల్యం ఎప్పుడూ 1 దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు ఒక బిందువు దగ్గర నిలబడి చూడాలి. x = 0.01 దగ్గర మొదటి 99 ప్రమేయాల విలువలు 1, 2, 3 అంటూ 99 దాకా పెరుగుతాయి. వందో ప్రమేయం నుంచి దీర్ఘచతురస్రం ఆ బిందువును దాటి ఎడమకు వెళ్లిపోతుంది కాబట్టి విలువ 0, ఆపైన ఎప్పటికీ 0. ఏ x తీసుకున్నా ఇదే కథ, ఎన్నో ప్రమేయం దగ్గర 0 అవుతుందన్నదే తేడా. కాబట్టి అవధి ప్రమేయం అంతటా 0, దాని వైశాల్యమూ 0. వైశాల్యాల అవధి మాత్రం 1.

ఆ 1 ఎటు పోయింది? 0 పక్కన ఎంత ఇరుకు సందు తీసుకున్నా, కొంతకాలానికి వైశాల్యమంతా అందులోకే చేరుతుంది. విడివిడిగా బిందువులను చూసే అవధికి ఆ సందు కనబడదు. తప్పించుకునే దారి ఇదొక్కటే కాదు. n నుంచి n+1 వరకు 1 ఎత్తున నిలిచే దిమ్మె కుడివైపు అనంతంగా జరిగిపోతుంది. 0 నుంచి n వరకు 1/n ఎత్తున పరుచుకునే పొర పలచబడి మాయమవుతుంది. ఈ మూడోది కొంచెం గడుసుది: అక్కడ అభిసరణ ఏకరూపమే, అయినా వైశాల్యం 1 దగ్గరే ఆగిపోతుంది. ఏకరూప అభిసరణ ఉంటే మార్చుకోవచ్చన్న పాఠ్యపుస్తక నియమం పరిమిత అంతరానికే వర్తిస్తుందన్న షరతును విద్యార్థులు తరచూ మరిచిపోతారు.

జారిపోకుండా ఆపేది మూత. అన్ని fₙలకూ పైన కూర్చునే ఒకే ప్రమేయం g ఉండి, దాని మొత్తం వైశాల్యం పరిమితమైతే, అవధిని లోపలికి నిర్భయంగా తీసుకుపోవచ్చు. ఫ్రెంచ్ గణితవేత్త ఆన్రీ లెబేగ్ పేరుతో పిలిచే సిద్ధాంతం ఇదే. కారణం సూటిగానే ఉంది: 0 పక్కన ఇరుకు సందులో g వైశాల్యం అత్యల్పం, కాబట్టి దాని కిందే ఉండాల్సిన fₙ అక్కడ ఎక్కువ వైశాల్యం దాచలేదు.

మన దీర్ఘచతురస్రాలకు మూత ఎందుకు దొరకదో లెక్కే చెబుతుంది. వాటన్నిటి మీదా సరిగ్గా కూర్చునే అతి చిన్న మూత, 1/(n+1) నుంచి 1/n వరకు ఉన్న ముక్క మీద n ఎత్తు ఉండాలి. ఆ ముక్క వెడల్పు 1/(n(n+1)), వైశాల్యం 1/(n+1). అన్నీ కూడితే 1/2 + 1/3 + 1/4 + … వస్తుంది, దానికి హద్దు లేదు. అదే దీర్ఘచతురస్రాల ఎత్తు nకు బదులు √n అయితే, 1/√x మూతగా సరిపోతుంది. 0 నుంచి 1 వరకు దాని వైశాల్యం 2. అప్పుడు fₙ వైశాల్యం 1/√n కూడా చెప్పినట్టే 0కు చేరుతుంది.

మూత లేదంటే మార్పిడి చెల్లదని మాత్రం అనుకోకూడదు. 1/(n+1) నుంచి 1/n వరకు మాత్రమే n ఎత్తున ఉండే ప్రమేయాలను తీసుకుంటే, వాటికి కావలసిన మూత పైన చూసినదే, వైశాల్యానికి హద్దు లేనిదే. అయినా ఒక్కో ప్రమేయం వైశాల్యం 1/(n+1), అది 0కే చేరుతుంది. ఇక్కడ మార్పిడి చెల్లింది. ఇలాంటివాటిని కూడా పట్టుకునే పరీక్షకు ఇటలీ గణితవేత్త జుసెప్పే విటాలీ పేరు ఉంది. పరిమిత అంతరంలో అది అడిగేది ఇంతే: ప్రమేయం విలువ K దాటిన చోట్ల ఉన్న వైశాల్యం, Kని పెంచితే అన్ని fₙలకూ ఒకేసారి చిన్నదవుతుందా? మొదటి ఉదాహరణలో K ఎంత పెద్దదైనా, దానికన్నా పెద్ద nలకు ఆ వైశాల్యం 1గానే ఉండిపోతుంది. చివరి ఉదాహరణలో అది 1/Kను మించదు.