నీళ్ల కోసం 480 మంది అభ్యర్థులు

పబ్లిక్ పాలసీ సైకిల్‌లో మొదటి మెట్టు ఎజెండా సెట్టింగ్. దీనికి నేనైతే 1996 నల్గొండ ఎన్నికనే ఉదాహరణగా చెప్తాను. అక్కడి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉందని దశాబ్దాలుగా తెలుసు, పట్టించుకున్నది తక్కువ. ఆ లోక్‌సభ సీటుకి నిరసనగా 480 మంది నిలబడేసరికి బ్యాలెట్ కాస్తా పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అప్పుడు దేశమంతా ఇటు చూసింది!

అమలు సంగతికొస్తే మిషన్ భగీరథ: శుద్ధిచేసిన నదినీళ్లు ఇంటింటికీ, పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు. చిక్కేంటంటే, సరఫరా ఆగిన రోజు ఊరు మళ్లీ బోరు దగ్గరికే పోతుంది.

అందుకే మూల్యాంకనంలో కుళాయిలు లెక్కపెడితే సరిపోదు. తాగే బిందెలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా అని చూడాలి. వంగిన ఎముకలు ఎలాగూ సరికావు కాబట్టి, కొత్త నీళ్లొచ్చాక పుట్టిన పిల్లల శాశ్వత దంతాల మీద మచ్చలు వెతకాలి. అవి ఆరేడేళ్లకు గానీ రావు, రిజల్టూ అప్పటిదాకా ఆగాల్సిందే.