ఖాళీ ఉన్నా ఎక్కని పెళ్లి వీడియో

32 జీబీ పెన్‌డ్రైవ్ దాదాపు ఖాళీగానే ఉంది. 6 జీబీల పెళ్లి వీడియోను అందులోకి కాపీ చేయబోతే, ఫైలు మరీ పెద్దదంటూ విండోస్ మొదట్లోనే ఆపేస్తుంది. అదే పెళ్లి ఫొటోలు, అన్నీ కలిపి 10 జీబీలున్నా, ఇబ్బంది లేకుండా ఎక్కేస్తాయి. ఇది చూసి పెన్‌డ్రైవ్ పాడైందనుకుని పారేయకండి.

లోపం పెన్‌డ్రైవ్‌ది కాదు, అందులో ఫైళ్ల లెక్క రాసుకునే FAT32 అనే పాత పద్ధతిది. ప్రతి ఫైలు పేరుతో పాటు దాని సైజు రాయడానికి ఆ పద్ధతిలో ఉన్నది 4 బైట్ల చోటే. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,294,967,295. అంటే 4 జీబీలకు సరిగ్గా ఒక్క బైటు తక్కువ. 1996లో ఈ పద్ధతి వచ్చినప్పుడు ఇళ్లలోని కంప్యూటర్లలో అంత పెద్ద ఫైలు ఉండడమే అరుదు.

పెన్‌డ్రైవ్ గుర్తుపై రైట్ క్లిక్ చేసి Properties తెరిస్తే, File system ఎదురుగా FAT32 అని కనిపిస్తుంది. లోపలున్నవన్నీ ముందు వేరేచోట దాచుకోండి, ఫార్మాట్ చేస్తే చెరిగిపోతాయి. ఆ తర్వాత Format తెరిచి exFAT ఎంచుకుంటే వీడియో ఎక్కుతుంది. కొన్ని పాత టీవీలు మాత్రం exFATను చదవలేవు. అలాంటి టీవీలో చూడాలంటే FAT32నే ఉంచి, వీడియోను ముహూర్తం దాకా ఒకటి, ఆ తర్వాతది ఒకటిగా, ఏదీ 4 జీబీలు దాటకుండా రెండు ఫైళ్లు చేయించుకోవడం మేలు.