దగ్గరి దారిలో వచ్చారా?

కొత్తగా పెళ్లయిన ఒక జంట హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరారనుకుందాం. "నాకు దగ్గరి దారి తెలుసు" అంటూ భర్త కారు పక్కకు తిప్పాడు. ఆ దారి కాస్తా ఓ పొలం గట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడి రైతు నవ్వి, చెరో నాలుగు తాటిముంజలు చేతిలో పెట్టి వెనక్కి పంపాడు. ఆ రోజు నుంచి 'దగ్గరి దారి' వాళ్లిద్దరి మాటైపోయింది. పెరుగు ప్యాకెట్ కోసం వెళ్లి ఆయన గంటకు తిరిగొస్తే "దగ్గరి దారిలో వచ్చారా?" అంటుందామె. ఇద్దరికీ నవ్వొస్తుంది.

ఆ నవ్వు ఆయన పొరపాటు మీద కాదు. ఆ కారులో ఆమె కూడా ఉంది, ముంజలు ఆమె కూడా తింది. రెండు మాటలతో ఆ మధ్యాహ్నమంతా మళ్లీ కళ్లముందుకొస్తుంది. పైగా ఆ మాట బయటివాళ్లకు అర్థం కాదు. దాని తీపంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఇదే మాట పుట్టింట్లో, అన్నదమ్ముల మధ్య భోజనాల దగ్గర వచ్చింది. ఆయన కొన్న స్థలం కాగితాల చిక్కులో పడి, డబ్బు ఇరుక్కుపోయి ఉంది. "మా ఆయనకి ఎప్పుడూ దగ్గరి దారులే కావాలి" అందామె. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ, తిరిగి ఒక్క మాటా అనలేదు. ఇంటికెళ్లేదాకా "ఊఁ", "సరే" తప్ప ఇంకేం పలకలేదు.

మాట అదే, మారినవి వేరే. ఇద్దరి మధ్య ఉండాల్సింది పదిమందిలో పడింది. ఒకనాటి ముచ్చట 'ఎప్పుడూ' అనేసరికి మనిషి గుణం మీద తీర్పయింది. అదీ పచ్చి పుండు మీద తగిలింది. సరసం అక్కడే ఎత్తిపొడుపుగా మారింది.

ఆమె మాత్రం సరదాకే అంది. చిక్కల్లా అదే. అమెరికా మనస్తత్వవేత్త జస్టిన్ క్రూగర్, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చెప్పింది: ఆటపట్టించేవాళ్లకు తమ మనసులోని మంచి ఉద్దేశం తెలుసు కాబట్టి అది ఎదుటివాళ్లకూ తెలుస్తుందనుకుంటారు. పడేవాళ్లకు వినిపించేది మాట ఒక్కటే.

అందుకే "సరదాకన్నాను, అంతమాత్రానికే అలగాలా?" అంటే గాయం రెండింతలవుతుంది. "ఆ స్థలం సంగతి అక్కడ ఎత్తాల్సింది కాదు, తప్పు నాదే" అంటే సరిపోతుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ మాట జోలికి వెళ్లకూడదు. దాన్ని మళ్లీ మొదలుపెట్టే హక్కు ఆయనది.

ఏదో ఒక రోజు ఆమె వంట ఆలస్యమైతే "ఏంటి, కూర దగ్గరి దారిలో వస్తోందా?" అని ఆయనే అంటాడు. అప్పుడు ఆ మాట మళ్లీ ఇద్దరిదీ అయినట్టు. ఒకరే అంటూ, ఇంకొకరే పడుతున్నంతకాలం అది సరసం కాదు.