‘అర్జెంట్’ అని రాస్తే అర్జెంటు కాదు

ఒంగోలులో ఉండే మా బాబాయికి కిడ్నీ జబ్బు ఉంది. హైదరాబాద్‌లో ఒక నెఫ్రాలజిస్టు చూస్తున్నారు. జూన్ 2న చూపించుకున్నప్పుడు బీపీకి కొత్తగా టెల్మిసార్టాన్ మొదలుపెట్టి, రెండు వారాలకి రక్తపరీక్ష చేయించుకోమన్నారు, మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు. 18న పరీక్ష చేయిస్తే 1.6 ఉన్న క్రియాటినిన్ 2.2 వచ్చింది. పిన్ని ఫోన్ చేసి, “నాకేమో భయంగా ఉందిరా, డాక్టరుగారికి నువ్వే రాయి” అంది.

ఆ రాత్రే మెయిల్ పంపాను. సబ్జెక్టులో ‘చాలా అర్జెంట్’ అని పెట్టాను. బాబాయికి ఒంట్లో బాగాలేదని, రిపోర్టు తేడాగా వచ్చిందని, వీలైనంత త్వరగా అపాయింట్‌మెంట్ ఇప్పించమని, ఏ రోజైనా సరేనని రాశాను. మర్యాదగా ఉందనిపించింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ లేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే డాక్టరుగారి ఓపీ చూసే కోఆర్డినేటర్ దొరికింది. “మీ మెయిల్ చూశాను సార్. కానీ ఎవరి గురించో అర్థం కాలేదు. పేషెంట్ నంబర్ లేదు, రిపోర్టు లేదు. ఇవాళ వచ్చిన మెయిల్స్‌లో సగం అర్జెంటేనండీ” అంది. తప్పు ఆవిడది కాదు, నాదే.

మనం డాక్టరుకి రాస్తున్నామనుకుంటాం గానీ ముందు చదివేది ఈ కోఆర్డినేటరే. ఆవిడ వైద్యురాలు కాదు. మెయిల్ చూసి ఆవిడ తేల్చుకోవాల్సినవి రెండే: దీన్ని ఇవాళే డాక్టరు కళ్లబడేలా చెయ్యాలా, ఏ ఖాళీలో ఇరికించాలి? మన మెయిల్ ఆ రెండింటికీ జవాబివ్వాలి. మిగతా కథ ఓపీలో చెప్పుకోవచ్చు.

అర్జెంటు అన్న సంగతి విశేషణాలతో తేలదు, అంకెలతో తేలుతుంది. టెల్మిసార్టాన్ లాంటి మందు మొదలుపెట్టాక మొదటి వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే. దాదాపు 30 శాతం లోపు పెరిగితే డాక్టర్లు సాధారణంగా మందు ఆపకుండా గమనిస్తూ ఉంటారు. అది దాటితే వేరే కారణమేదైనా ఉందా అని వెతుకుతారు. 1.6కి 30 శాతం కలిపితే 2.1 లోపే ఉండాలి, బాబాయిది 2.2. ఈ లెక్క కోఆర్డినేటరుకి తెలియక్కర్లేదు, నాకూ అప్పుడు తెలియదు. పాత అంకె, కొత్త అంకె, వాటి తేదీలు పక్కపక్కన పెడితే చాలు, చూడాల్సినవాళ్లు చూసుకుంటారు. ఉత్త ‘2.2’ అని రాస్తే మాత్రం ఏమీ చెప్పినట్టు కాదు. ఎన్నాళ్లుగానో 2.2 దగ్గరే నిలకడగా ఉన్న పేషెంట్లు ఆ డాక్టరుకి ఎందరో.

ఫోన్ పెట్టేసే ముందు కోఆర్డినేటర్ ఇంకో మాట అడిగింది: “మధ్యలో వేరే మందులేమైనా వాడారా సార్?” పిన్నిని అడిగాను. “అబ్బే, ఏం లేవు” అంది. కాసేపాగి, “మోకాళ్ల నొప్పులంటే మందులషాపతను ఇచ్చిన బిళ్లలు ఓ అయిదు రోజులు వేసుకున్నార్రా, అవీ చెప్పాలా?” అంది. అట్ట ఫొటో పంపమంటే డైక్లోఫెనాక్. కిడ్నీ జబ్బున్నవాళ్లు తాకకూడని నొప్పిమాత్రల్లో అదొకటి. బీపీ మందుతో కలిస్తే క్రియాటినిన్‌ని ఇంకా ఎగదోస్తుంది. మన ఇళ్లలో నొప్పిబిళ్ల మందు లెక్కలోకి రాదు కాబట్టి, ‘మందులు’ అని కాకుండా ‘బిళ్లలు, నాటుమందులు, ఇంజెక్షన్లు’ అని విడివిడిగా అడిగితేనే బయటపడుతుంది.

సాయంత్రం మళ్లీ రాశాను. నేను ఇంగ్లిష్‌లో పంపినదాని తెలుగు ఇది. పేరు, నంబర్ల చోట్లు ఖాళీగా వదిలేశాను.

సబ్జెక్టు: రివ్యూ అపాయింట్‌మెంట్, ఈ సోమ లేదా బుధవారం – (పేరు), యూహెచ్ఐడీ (నంబరు) – క్రియాటినిన్ 1.6 నుంచి 2.2

“నమస్కారం. పై పేషెంట్ వయసు 67, డాక్టరుగారు జూన్ 2న చూశారు. ఆ రోజు టెల్మిసార్టాన్ మొదలుపెట్టారు. అప్పుడు క్రియాటినిన్ 1.6, నిన్న (జూన్ 18) 2.2. పొటాషియం 5.3. మధ్యలో అయిదు రోజులు డైక్లోఫెనాక్ వేసుకున్నారు, ఇప్పుడు ఆపేశారు. మూత్రం మామూలుగానే వస్తోంది, ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు. సెప్టెంబరు దాకా ఆగకుండా వచ్చే వారమే చూపించాలనుకుంటున్నాం. ఒంగోలు నుంచి రావాలి కాబట్టి 23 సోమవారం లేదా 25 బుధవారం, ఉదయం 10 తర్వాత అయితే వీలు. 24న రాలేం. డాక్టరుగారు ఆ రోజుల్లో లేకపోతే అదే యూనిట్‌లో ఇంకొకరు చూసినా సరే. వచ్చేలోపు టెల్మిసార్టాన్ కొనసాగించాలా, మళ్లీ పరీక్ష చేయించాలా అన్నది డాక్టరుగారిని అడిగి చెప్పగలరు. రెండు రిపోర్టులు, పాత చీటీ జతచేశాను. ఫోన్: (నాది), (పేషెంట్‌ది).”

‘ఆయాసం లేదు, వాపు లేదు’ అని లేనివి కూడా రాయడం వింతగా అనిపించొచ్చు. ఇది ఈ రోజే ఎమర్జెన్సీకి పంపాల్సిన కేసా, వచ్చే వారం దాకా ఆగగలిగిన కేసా అన్నది ఆ వాక్యమే చెబుతుంది. అవి ఉంటే అసలు మెయిల్ రాసే పనే లేదు. మూత్రం బాగా తగ్గిపోయినా, ఊపిరాడకపోయినా, పొటాషియం 6 దాటినా ఊళ్లోనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, లేదా 108కి ఫోన్ చెయ్యాలి. మెయిల్ ఎవరు ఎప్పుడు తెరుస్తారో మన చేతిలో లేదు.

ఇక రోజుల సంగతి. ‘ఏ రోజైనా సరే’ అంటే సర్దుకుపోయేవాళ్లలా కనిపిస్తాం గానీ, నిజంగా ఏ రోజైనా సరే అయ్యేవాళ్లు తక్కువ. ఆవిడ మంగళవారం ఇస్తుంది, మనం కుదరదంటాం, మళ్లీ మొదటికొస్తుంది. ముందు చీటీ మీదో, ఆస్పత్రి వెబ్‌సైట్‌లోనో ఆ డాక్టరు ఓపీ రోజులు చూసుకోవాలి. మా డాక్టరుగారికి సోమ, బుధ, శుక్రవారాలే. అందులోంచి రెండు రోజులు, ఒక వేళ, కుదరనే కుదరని రోజు ఒకటి రాస్తే ఆవిడ ఒక్కసారిలో తేల్చేస్తుంది. రాత్రి బండెక్కి పొద్దున్నే దిగేవాళ్లకి 8 గంటల స్లాటు ఎందుకు పనికిరాదో కూడా ఒక ముక్క రాయొచ్చు. పనిలో పనిగా పాత బిల్లు తీసి చూడండి. చాలా చోట్ల కొన్ని రోజుల్లోపు రివ్యూకి వస్తే ఫీజు ఉండదు, ఆ గడువు ఆస్పత్రికో తీరుగా ఉంటుంది.

రిపోర్టుల విషయంలో ఒక్క సంగతి: ల్యాబ్ ఇచ్చే పీడీఎఫ్‌నే పంపండి. మంచం మీద పెట్టి తీసిన ఫొటోలో పేరూ తేదీ ఉన్న పైభాగం సగం తెగిపోతుంది, దాన్ని ఫైల్లో పెట్టలేరు.

శుక్రవారం పొద్దున ఏదో తెలియని ల్యాండ్‌లైన్ నుంచి రెండు సార్లు ఫోన్ వచ్చింది. లోన్ ఇస్తామనేవాళ్లేమోనని ఎత్తలేదు. మూడోసారి బాబాయి ఫోన్‌కి చేశారు. డాక్టరుగారు మెయిల్ చూశారని, నొప్పిబిళ్లలు ముట్టుకోవద్దన్నారని, శనివారం మరోసారి రక్తపరీక్ష చేయించి ఆ రిపోర్టుతో రమ్మన్నారని చెప్పారు. 23 సోమవారం, ఉదయం 11.20కి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. శనివారం రిపోర్టులో క్రియాటినిన్ 1.9.