లూపులో లూపు: బబుల్ సార్ట్ లెక్క

బబుల్ సార్ట్ పక్కపక్కనున్న రెండు సంఖ్యలను పోల్చి, క్రమం తప్పి ఉంటే వాటి చోట్లు మారుస్తుంది. పైథాన్ నేర్చుకునే విద్యార్థులు దీన్ని సాధారణంగా ఇలా రాస్తారు:

```python
for i in range(n - 1):
    for j in range(n - 1 - i):
        if a[j] > a[j + 1]:
            a[j], a[j + 1] = a[j + 1], a[j]
```

దీని వేగాన్ని అంచనా కట్టడానికి గడియారం అక్కర్లేదు. `if` ఉన్న వరుస ఎన్నిసార్లు నడుస్తుందో లెక్కిస్తే చాలు. జాబితాలో 10 సంఖ్యలుంటే లోపలి లూపు మొదటి విడతలో 9 సార్లు తిరుగుతుంది, రెండో విడతలో 8 సార్లు, చివరి విడతలో ఒక్కసారి. అన్నీ కూడితే 45 పోలికలు. 20 సంఖ్యలకు ఇదే లెక్క 190కి చేరుతుంది. సూత్రంగా రాస్తే `n(n-1)/2`.

లోపలి లూపు విడతవిడతకూ కురచవుతోంది కదా, పని వర్గంలా ఎలా పెరుగుతుందన్నది చాలామందికి వచ్చే సందేహమే. కురచవడం వల్ల మొత్తం పని సుమారు సగమవుతుంది, అంతే. పెరిగే తీరు మారదు. 1,000 సంఖ్యలకు 4,99,500 పోలికలైతే 2,000 సంఖ్యలకు 19,99,000, అంటే దాదాపు నాలుగింతలు. ఆ సగాన్ని వదిలేసి దీన్ని `O(n²)` అంటారు.

అయితే లూపులో లూపు కనబడగానే వర్గమని రాసేయడం తొందరపాటు. లోపలిది ఎప్పుడూ 5 సార్లే తిరిగేదైతే మొత్తం పని `5n` మాత్రమే. అలాగే ఒక విడతలో మార్పేదీ జరగకపోతే ఆగిపోయేలా బబుల్ సార్ట్‌ను సవరిస్తే, ముందే క్రమంలో ఉన్న జాబితాకు `n-1` పోలికలు సరిపోతాయి. పూర్తిగా తిరగబడి ఉన్న జాబితాకు మాత్రం ఆ సవరణ వల్ల ఒక్క పోలికా తగ్గదు.