అడుగుకి ఎంత పడుతుందండీ?

ముగ్గు పోసిన స్థలంలో నిలబడి ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీని అడిగే మొదటి మాట ఇదే. ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న ఇల్లనుకుందాం. రెండు పడకగదులు, ఒక హాలు, వంటగది, రెండు స్నానాలగదులు. మెటీరియల్‌తో కలిపి అడుగుకి 1,600 రూపాయలని ఒక మేస్త్రీ చెప్పాడు. రెండో ఆయన 1,850 అన్నాడు. చాలామంది అక్కడికక్కడే మొదటి మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేస్తారు.

వాళ్లిద్దరినీ ఇంకో ప్రశ్న అడగాల్సింది: ఆ రేటు దేన్ని కొలిచి వేస్తారు? రెండో మేస్త్రీ గోడల బయటి అంచు వరకే కొలుస్తాడు. అంటే 800 చదరపు అడుగులు, మొత్తం 14,80,000 రూపాయలు. మొదటి మేస్త్రీ కొలిచేది స్లాబు అంచుల వరకు. స్లాబు రెండు పక్కలా అడుగు చొప్పున, వెనక ఒక అడుగు, ముందు రెండు అడుగులు బయటికి వస్తే కొలత 22 అడుగులకు 43 అడుగులవుతుంది. అది 946 చదరపు అడుగులు. 1,600 చొప్పున 15,13,600 రూపాయలు. తక్కువనుకున్న రేటుకే 33,600 ఎక్కువ పడింది. ఇందులో మోసం లేదు, స్లాబు కొలత పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే. ముందే అడిగి కాగితం మీద రాయించుకోకపోవడమే పొరపాటు.

కొలత తేలాక రేటును విడగొట్టి చూడాలి. అడుగు రేటులో మూడు వేరువేరు ఖర్చులుంటాయి: కట్టుబడి సామాను, కూలి, ఫినిషింగు. అవి పెరిగే తీరు ఒకటి కాదు. సామాను ఇంజినీరు గీసిన డ్రాయింగును బట్టి ఉంటుంది. కూలి కొలతను బట్టి ఉంటుంది. ఫినిషింగు మాత్రం ఇంటివారి ఇష్టాన్ని బట్టి పోతుంది.

ముందు సామాను. మామూలు నేలలో, ఒకే అంతస్తు ఇంటికి చదరపు అడుగుకి 0.4 బస్తా సిమెంటు, సుమారు మూడున్నర కిలోల స్టీలు అని ఒక ముతక లెక్క వేస్తారు. ఈ ఇంటికి 320 బస్తాలు, 2,800 కిలోలు. ఇసుక 1,440 ఘనపు అడుగులు, కంకర 1,080, ఇటుకలు దాదాపు 15,000 పట్టవచ్చు. లెక్క నడవడానికి సిమెంటు బస్తా 350, స్టీలు కిలో 65, ఇసుక ఘనపు అడుగు 50, కంకర 40, ఇటుక 8 రూపాయలు వేసుకుందాం. ఎవరి ఊరి ధరలు వాళ్లు మార్చుకోవచ్చు. బేస్‌మట్టం నింపే మొరానికి, బైండింగ్ వైరుకు, చిల్లర సామానుకు ఇంకో ముప్పై వేలు కలిపితే మొత్తం సుమారు 5,60,000. అడుగుకి 700.

ఈ లెక్కను నేల మార్చేస్తుంది. నల్లరేగడి అయితే పునాది లోతుకు పోతుంది, స్టీలు పెరుగుతుంది. రోడ్డు ఎత్తుగా ఉండి బేస్‌మట్టం ఒక్క అడుగు లేపినా లోపల నింపడానికే 800 ఘనపు అడుగుల మట్టి కావాలి, అంటే ఎనిమిది యూనిట్లు. దిమ్మిసా కొట్టాక అది ఇంకా కుంగుతుంది కాబట్టి తెప్పించేది అంతకంటే ఎక్కువే. రేపు పైన ఇంకో అంతస్తు వేయాలన్న ఆలోచన ఉంటే దానికి తగ్గ ఫుటింగులు, పిల్లర్లు ఇప్పుడే వేయాలి. ఆ ఖర్చంతా కింది అంతస్తు మీద పడుతుంది. పై అంతస్తు అడుగు రేటు తక్కువగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే.

స్టీలు వచ్చిన రోజు దాన్ని ఇంటివారే సరిచూసుకోవచ్చు. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం కడ్డీ మీటరు 0.89 కిలో తూగాలి, 12 మీటర్ల కడ్డీ దాదాపు 10.7 కిలోలు. కట్టలోని కడ్డీలను లెక్కపెట్టి హెచ్చిస్తే వేబ్రిడ్జి చీటీతో పోల్చి చూడొచ్చు. కొద్దిపాటి తేడా మామూలే, పెద్ద తేడా వస్తే లారీ కదలకముందే అడగాలి.

కూలి విషయానికొస్తే, లేబర్ కాంట్రాక్టులో గోడలు, సెంట్రింగు, కడ్డీ కట్టడం, స్లాబు పోయడం, ప్లాస్టరింగు వస్తాయి. అడుగుకి 380 అనుకుంటే 800 అడుగులకు 3,04,000. ఇదే రేటుకు 946 అడుగులు కొలిస్తే 55,480 పెరుగుతుంది. మెట్లు, పిట్టగోడ, సజ్జలు కొలతలో ఉన్నాయా, పునాది గుంతలు ఎవరు తీయించాలి, సెంట్రింగు చెక్క, జాకీలు ఎవరివి అన్నవి మాట్లాడకుండా వదిలేసే సంగతులు. అంతకంటే ఎక్కువ బాధ పెట్టేది డబ్బు ఇచ్చే వరస. స్లాబు పడేసరికి ముప్పావు వంతు సొమ్ము మేస్త్రీ చేతికి వెళ్లిపోతే, అసలు ఓపిక అక్కరయ్యే ప్లాస్టరింగుకు మనుషులు రారు. ప్లింతుకు ఇంత, స్లాబుకు ఇంత, లోపలి ప్లాస్టరింగుకు, బయటి ప్లాస్టరింగుకు ఇంతింత అని ముందే పంచి రాసుకుంటేనే ఆ చిక్కు తప్పుతుంది.

ఇక ఫినిషింగు. బడ్జెట్ చెదిరేది ఎక్కువగా ఇక్కడే. ఈ ఇంటికి నేల, స్నానాలగది గోడలు, వంటగది కలిపి టైల్స్ 1,100 చదరపు అడుగులు పడతాయి. టైలుకు 50, పరిచే కూలికి 25 చొప్పున 82,500. తలుపులు, కిటికీలకు 1,12,000. కరెంటు పనికి 68,000. ప్లంబింగు, స్నానాలగదుల సామానుకు 80,000. లప్పం, రంగులకు 54,000. వంటగది గట్టు, అరలకు 19,500. మొత్తం 4,16,000, అడుగుకి 520. మూడూ కలిపితే 700, 380, 520. అంటే 1,600 రూపాయలు, 12,80,000. ఇందులో కాంట్రాక్టరు లాభం లేదు, సామాను తెచ్చుకునే తిరుగుడంతా ఇంటివారిదే. 1,850 అడిగిన మేస్త్రీ ఆ పైమొత్తాన్ని దేనికి అడుగుతున్నాడో ఇప్పుడు అర్థమవుతుంది.

స్టీలు కిలోకు ఐదు రూపాయలు పెరిగిందని వింటే ఇంటివారికి నిద్ర పట్టదు. ఆ పెరుగుదల ఈ ఇంటికి 14,000 రూపాయలు. షోరూములో అడుగు 50 రూపాయల టైలు పక్కనే ఉన్న 100 రూపాయల టైలు నచ్చితే పెరిగేది 55,000. సింహద్వారానికి మంచి టేకు, హాలుకు ఫాల్స్ సీలింగు, స్నానాలగదికి ఖరీదైన కుళాయిలు అనుకుంటూ పోతే, గోడలో ఒక్క ఇటుక పెరగకుండానే రేటు 2,000 దాటుతుంది. అందుకే 'బ్రాండెడ్ టైల్స్' అన్న మాట అగ్రిమెంటులో చాలదు. టైలు అడుగుకి ఎంతలోపు, తలుపు ఏ చెక్క, గదికి ఎన్ని కరెంటు పాయింట్లు అన్నవి అంకెల్లో ఉండాలి.

పెద్ద ఇంటి రేటును చిన్న ఇంటికి వేసుకోవడం మరో పొరపాటు. 20కి 20 ఇంటికి చుట్టూ గోడ 80 అడుగులు, నేల 400. ఇప్పటిదాకా చూసిన ఇంటికి గోడ 120, నేల 800. నేల సగమైనా గోడ సగం కాలేదు. అడుగు నేలకు వచ్చే బయటి గోడ మూడో వంతు ఎక్కువైంది. వంటగది ఒకటి, సింహద్వారం ఒకటి ఎలాగూ ఉండాల్సిందే. కాబట్టి 400 అడుగుల ఇల్లు 800 అడుగుల ఇంటి ఖర్చులో సగానికి రాదు.

ప్రహరీ, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, ప్లాను అనుమతి, కరెంటు మీటరు ఈ 1,600లో లేవు. వాటిని అడుగు రేటులో కలపకుండా విడిగా రాసుకోవాలి. ప్రహరీని రన్నింగు అడుగుల్లో, సంపును లీటర్లలో మాట్లాడుకోవాలి.