అడిగినంతే చెప్పే ఈసీ

స్థలం కొనబోయేవాళ్లు "ఈసీ తీయించాం, నిల్ వచ్చింది" అని నిశ్చింతగా చెబుతుంటారు. ఆ నిల్‌ను నమ్మే ముందు ఒక్క సంగతి చూసుకోవాలి. ఈసీ అడిగిన కాలంలో మనకు ముందే తెలిసిన రిజిస్ట్రేషను ఏదైనా జరిగిందా? జరిగితే అది ఆ కాగితంలో కనబడుతోందా? కనబడకపోతే ఆ స్థలం మీద లావాదేవీలు లేవని కాదు, వెతకాల్సిన చోట వెతకలేదని అర్థం.

ఒక ఉదాహరణ చూద్దాం. తండ్రి 1987లో 240 గజాల ప్లాటు కొన్నాడు. ఆయన పోయాక కొడుకు దాన్ని అమ్మబోయాడు. బీరువా అంతా వెతికినా అసలు దస్తావేజు దొరకలేదు. కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడిగారు. కొడుకు మీసేవకు వెళ్లి ఊరి పేరు, ప్రస్తుతం పన్ను కడుతున్న ఇంటి నంబరు ఇచ్చి 1983 నుంచి ఈసీ అడిగాడు. నిల్ అని వచ్చింది. అతను సంతోషించాడు గానీ, కొనేవాళ్ల తరఫున వచ్చిన దస్తావేజు లేఖరి ఒప్పుకోలేదు. "మీ నాన్నగారు కొన్నదే ఇందులో లేదు కదా బాబూ, ఇంక దీన్నేం చూడమంటావు?" అన్నాడు.

లేఖరి పట్టుకున్నది అసలైన లోపం. ఈసీ ఇవ్వడానికి సబ్ రిజిస్ట్రారు స్థలం దగ్గరికి వెళ్లడు, హక్కు ఎవరిదో విచారించడు. స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో నంబరు పుస్తకం, దాని సూచికలు, ఇప్పుడైతే కంప్యూటరు, వీటిలో మనం ఇచ్చిన వివరాలతో వెతికి దొరికినవి రాసిస్తాడు. మనం ఇచ్చిన వివరాలు దస్తావేజులో రాసిన వాటితో కలవకపోతే ఆ దస్తావేజు ఈసీలోకి రాదు. ఈ మాట ఈసీ కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. 1987లో అక్కడ ఇల్లే లేదు కాబట్టి దస్తావేజులో ఇంటి నంబరు ఉండే అవకాశం లేదు. సర్వే నంబరు 84, ప్లాటు నంబరు 17 అని మాత్రమే రాసుంటారు. ఆ తర్వాత 84 కాస్తా 84/1, 84/2గా చీలింది. ఊరు కూడా అప్పట్లో వేరే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కింద ఉండేది.

అందుకే ఈసీ కంటే ముందు దస్తావేజు నకలు తీయించడం మేలు. వాడుకలో సీసీ అంటారు. ఇది కావాలంటే దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు తెలియాలి. నంబరు తెలియనప్పుడు మార్గాలు లేకపోలేదు. మన కొడుకు పక్క ప్లాటు ఆయన్ని అడిగి ఆయన దస్తావేజు చూశాడు. హద్దుల్లో తూర్పు వైపు తండ్రి పేరు ఉంది. సర్వే నంబరు, అమ్మినవాళ్ల పేరు కూడా దొరికాయి. ఇక ఆ ఆఫీసులో వెతుకులాట ఫీజు కట్టి, 1987 పేర్ల సూచికలో తండ్రి పేరు చూడమని దరఖాస్తు పెట్టాడు. కొన్నవాళ్ల పేరు, అమ్మినవాళ్ల పేరు రెండూ ఆ సూచికకు ఎక్కుతాయి, కాబట్టి ఒకటి తప్పుగా రాసినా రెండోది పట్టిస్తుంది. 2216/1987 అని నంబరు తేలింది.

ఈ నకలు అడగడానికి ఆస్తి మనదే కానక్కర్లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటో పుస్తకాన్ని ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. వీలునామాలకు ఈ వెసులుబాటు లేదు. రాసినవాళ్లు బతికుండగా వాళ్లకో, వాళ్ల ఏజెంటుకో తప్ప ఇవ్వరు. ఫీజుల పట్టిక స్థానిక భాషలో అందరికీ కనబడేలా ప్రతి ఆఫీసులో పెట్టాలని అదే చట్టం 79వ సెక్షను చెబుతుంది. కౌంటరు దగ్గర చెప్పిన అంకెను ఆ పట్టికతో పోల్చి చూసుకుంటే మంచిది.

పాత దస్తావేజుల నకలు చేతికొచ్చాక కొందరు నిరాశపడతారు. అందులో తండ్రి సంతకం ఉండదు. అప్పట్లో గుమస్తా వాల్యూములో చేత్తో ఎక్కించిన ప్రతికి నకలు అది. అసలు దస్తావేజులో ఏం రాసుందో రుజువు చేయడానికి కోర్టులో పనికొస్తుంది గానీ, సంతకం అసలుదా దొంగదా అని తేల్చడానికి పనికిరాదు. మనకు ఇప్పుడు కావలసింది చివర్లో ఉండే షెడ్యూలు. సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు దాన్లో ఉన్నవి ఉన్నట్టుగా ఈసీ దరఖాస్తులోకి దించాలి. ఇప్పటి ఇంటి నంబరు, చీలిన సర్వే నంబర్లు, పాత దస్తావేజు నంబరు కూడా చేర్చాలి.

అలా అడిగితే రెండో ఈసీ వేరే కథ చెప్పింది. మొదటి వరుసలో 2216/1987, విక్రయం. పేర్ల పక్కన EX అని ఉంటే రాసిచ్చినవాళ్లు, CL అని ఉంటే రాయించుకున్నవాళ్లు. తండ్రి పేరు పక్కన CL ఉంది. రెండో వరుసలో 1994 నాటి దస్తావేజు. అక్కడ తండ్రి పేరు పక్కన MR, ఒక సహకార బ్యాంకు పేరు పక్కన ME. అంటే ఆయన ప్లాటు తనఖా పెట్టాడు, బ్యాంకు పుచ్చుకుంది. విడుదల దస్తావేజు మాత్రం లేదు.

అప్పు తీరలేదని దీన్నిబట్టి అనలేం. అప్పు తీరినప్పుడు తనఖా పత్రం వెనక "ముట్టింది" అని రాసి సంతకం పెట్టడం ఉంది. ఆ రాతకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అందువల్ల ఎప్పుడో తీరిపోయిన అప్పు కూడా ఈసీలో ఏళ్ల తరబడి అలాగే కనబడుతుంది. కొడుకు ఆ తనఖా దస్తావేజుకు కూడా నకలు తీసి, అప్పు నంబరుతో బ్యాంకుకు వెళ్లాడు. అప్పు తీరింది, అసలు విక్రయ దస్తావేజు బ్యాంకు పాత ఫైల్లోనే ఉంది. బ్యాంకు చేత విడుదల రాయించి రిజిస్టరు చేయించాక ఈసీలో మూడో వరుస చేరింది.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. అసలు దస్తావేజు వడ్డీవ్యాపారి దగ్గర పెట్టి అప్పు తెచ్చుకుంటే, దానికి రిజిస్టరైన కాగితం ఏదీ లేకపోతే, ఈసీకి ఆ సంగతే తెలియదు. కాబట్టి నకలు చేతికొచ్చినా అసలు కాగితం ఏమైందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన అడగడం కొనేవాళ్ల అతిజాగ్రత్తేమీ కాదు. వారసత్వంగా సంక్రమించిన వాటాలు, కోర్టులో నడుస్తున్న దావాలు, పన్ను బకాయిలు కూడా సాధారణంగా ఈసీలో కనిపించవు.

నెట్‌లో మనంతట మనం చూసుకునే ఈసీ సమాచారం కోసం మాత్రమే. బ్యాంకులు అధికారి సంతకమున్న ప్రతినే అడుగుతాయి. కంప్యూటరులో వివరాలు రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పుస్తకాలు తిరగేయించాలి. తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే 2020 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషను తహసీల్దారు దగ్గర జరుగుతోంది కాబట్టి ఆ తర్వాతి లావాదేవీలు మొదట ధరణిలో, ఇప్పుడు భూభారతిలో చూడాలి. పాతవి మాత్రం సబ్ రిజిస్ట్రారు రికార్డులోనే ఉంటాయి.

చివరగా ఒక చిక్కు ఉంది, లాయర్లు తప్ప దీన్ని పెద్దగా పట్టించుకోరు. దస్తావేజు రాసి సంతకం పెట్టాక రిజిస్ట్రేషనుకు తేవడానికి నాలుగు నెలల గడువుంది. ఆలస్యంగా తెచ్చి రిజిస్టరు చేయించినా అది రాసిన తేదీ నుంచే చెల్లుతుంది. అంటే అమ్మేవాడు జనవరిలో ఇంకొకరికి రాసిచ్చి ఉంటే, మార్చిలో మీరు తీసిన ఈసీలో అది కనబడదు. ఏప్రిల్లో రిజిస్టరై మీకంటే ముందు వరుసలో నిలబడుతుంది. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు రిజిస్ట్రేషను రోజు పొద్దున ఒక ఈసీ, ఆ తర్వాత ఐదో నెలలో మరో ఈసీ తీస్తారు.